జీడిపప్పు ప్యాకెట్లను పోల్చి కొనడం ఎలా: గ్రేడు, తేమ, ప్యాకింగ్ తేదీ, అమ్మేవాళ్లు

డ్రై ఫ్రూట్స్ అన్నిటికీ ఒకే కొలత పనికిరాదు. ఎండుద్రాక్ష సహజంగానే తడిగా, జిగురుగా ఉంటుంది. బాదం తొక్కతో వస్తుంది కాబట్టి కొంత కాపుదల ఉంటుంది. జీడిపప్పుకి ఆ రక్ష కూడా లేదు. పెంకు తీసి, పొట్టు ఒలిచి, తెల్లగా గాలికి వదిలేసిన పప్పు అది. అందుకే గోదావరి జిల్లాల ఉక్కలో ముందు పాడయ్యేది అదే, కొనేటప్పుడు ఎక్కువ డబ్బు పోయేదీ దాని మీదే. ఇక్కడ జీడిపప్పు ఒక్కదాన్నే తీసుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం.

పైగా మనకి ఒక వెసులుబాటు ఉంది. సఖినేటిపల్లి మండలంలో మోరి చుట్టుపక్కల జీడిపప్పు ఒలిచే పరిశ్రమ ఉంది. రాజోలు, అమలాపురం, నరసాపురం వాళ్లకి ప్యాకెట్ కొనాలా, ఒలిచిన చోటుకే వెళ్లి తెచ్చుకోవాలా అన్న ఎంపిక ఉంటుంది. ఏది లాభమో తెలియాలంటే రెండింటినీ ఒకే కొలతతో కొలవాలి. దానికి కావలసింది ఒక గ్రాము తేడా చూపించే వంటింటి కాటా, ఓ అరగంట తీరిక.

మొదటి అడుగు: గ్రేడుని మీరే లెక్కపెట్టండి

గుండు పప్పు గ్రేడు అంటే రుచి కాదు, సైజు. డబ్ల్యూ-240 అంటే ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి, 220 నుంచి 240 పప్పులు తూగాలి. డబ్ల్యూ-320 అయితే 300 నుంచి 320. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది, ధర తక్కువ. ముందున్న డబ్ల్యూ అక్షరం తెల్లటి గుండు పప్పుకి గుర్తు. డబ్ల్యూ ముందు ఎస్ చేరిందంటే కాక కాస్త ఎక్కువై రంగు మారిన గుండు. పాయసంలోకో పులిహోరలోకో నేతిలో వేయించేటప్పుడు ఎలాగూ రంగు మారుతుంది కదా, ఇంటి వాడకానికి ఆ పప్పుని చవగ్గా తెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. అతిథుల ముందు పళ్లెంలో పెట్టడానికి మాత్రం తెల్లది కావాలి.

పౌను లెక్క మనకి అలవాటు లేదు గనుక వంద గ్రాములకి మార్చుకుందాం. వంద గ్రాములు తూచి పప్పులు లెక్కపెడితే 40 లోపు వస్తే 180 గ్రేడు, 44 నుంచి 46 వస్తే 210, 49 నుంచి 53 వస్తే 240, 66 నుంచి 70 వస్తే 320, 77 నుంచి 88 వస్తే 400. చీటీ మీద రాసుకుని పర్సులో పెట్టుకుంటే చాలు. పావుకిలో ప్యాకెట్ అయితే మొత్తం లెక్కపెట్టి రెండున్నరతో భాగించండి.

240కీ 320కీ మధ్య ఖాళీ ఉందని గమనించారా? లెక్క 58, 60 దగ్గర ఆగితే అది ఆ మధ్యన ఉండే 280 గ్రేడైనా కావచ్చు, 240 అనో 320 అనో చెప్పి అమ్మితే మాత్రం రెండు సైజులు కలిపారని అనుమానించాలి. అంతకంటే తెలివైన కలుపుడు ఇంకోటి ఉంది. పెద్ద పప్పూ చిన్న పప్పూ సగటు సరిగ్గా 320 దగ్గర పడేలా కలుపుతారు. అప్పుడు లెక్క మాత్రమే చూస్తే దొరకదు. దీనికి పది పప్పుల పరీక్ష చేయండి. ప్యాకెట్‌లో కంటికి పెద్దవిగా కనిపించిన పదిటిని, చిన్నవిగా కనిపించిన పదిటిని వేరువేరుగా తూచండి. 240 గ్రేడులో పది పప్పులు ఇరవై గ్రాములకి కాస్త అటూఇటూ తూగుతాయి. 320లో పద్నాలుగో పదిహేనో. 400లో పన్నెండు. మీ పెద్ద పది ఇరవై తూగి, చిన్న పది పన్నెండే తూగితే అది ఏ ఒక్క గ్రేడూ కాదు. చూపు కోసం పైన పెద్దవి పోసి కింద చిన్నవి నింపిన ప్యాకెట్లు ఇలా బయటపడతాయి.

తర్వాత విరిగినవి. పళ్లెంలో పోసి బద్దలు, ముక్కలు, నూక వేరుచేసి తూచండి. గుండు అని అమ్మే సరుకులో నూటికి అయిదు గ్రాముల దాకా విరుగు ఉండటం వ్యాపారంలో ఒప్పుకునేదే. అంతకు మించితే గుండు ధర ఇచ్చి ముక్క కొన్నట్టు. అసలు కాజూ కట్లీకో, కూరలో గ్రేవీకో అయితే గుండు ఎందుకు కొంటారో నాకర్థం కాదు. నూరేదానికి బద్ద చాలు, ముక్క ఇంకా చవక. రుచిలో తేడా రాదు. ఒక్క జాగ్రత్త ఏమిటంటే ముక్కలకి గాలి తగిలే భాగం ఎక్కువ కాబట్టి అవి గుండు కంటే ముందు పాతబడతాయి. వారం పది రోజుల్లో వాడేసేంతే తెచ్చుకోవాలి.

ప్యాకెట్ మీద గ్రేడు అంకె లేకుండా "ప్రీమియం", "జంబో", "స్పెషల్" అని మాత్రమే ఉంటే ఆ మాటలకి కొలత ఏదీ లేదని గుర్తుంచుకోండి. లెక్కపెట్టి చూసేదాకా అది పేరు తెలియని సరుకే.

రెండో అడుగు: తేమ

జీడిపిక్కని కాల్చో, ఆవిరి పట్టో పెంకు పగలగొట్టాక, లోపలి పప్పుని బోర్మాలో, అంటే వేడిగాలి గదిలో, ఆరబెడతారు. పొట్టు వదలాలంటే పప్పు బాగా ఆరాలి. అయితే మరీ ఆరిన పప్పు పెళుసుగా ఉండి ప్యాకింగులో ముక్కలవుతుంది. అందుకని డబ్బాలో పెట్టేముందు కొంచెం మెత్తబడనిస్తారు. ఆ మెత్తబడటం ఎంతవరకు అన్నదే అసలు సంగతి. మంచి సరుకులో తేమ నూటికి అయిదు దాటకూడదని వ్యాపార లెక్క. ఆషాఢం నుంచి కార్తీకం దాకా మన దగ్గర గాలే తడిగా ఉంటుంది కాబట్టి, ఫ్యాక్టరీలో సరిగ్గా ఆరిన పప్పు కూడా దుకాణంలో మూత తెరిచిన డబ్బాలో రోజూ కొంచెం కొంచెం నీరు పీల్చుకుంటుంది.

చేత్తో చూసే పరీక్ష ముందు. గుండుని రెండు వేళ్ల మధ్య పట్టి అడ్డంగా విరవండి. ఆరిన పప్పు టప్‌మని విరుగుతుంది, విరిగిన చోట అంచు శుభ్రంగా ఉంటుంది. తేమెక్కినది చప్పుడు లేకుండా కాస్త వంగి, నిలువునా రెండు బద్దలుగా ఊడుతుంది. నమిలితే పిండిలా పళ్లకి అంటుకుంటుంది. ఏసీ దుకాణంలోంచి అప్పుడే తెచ్చిన ప్యాకెట్‌ని వెంటనే విప్పి పరీక్షించకండి. చల్లటి పప్పు మీద బయటి గాలిలోని చెమ్మ పడుతుంది. ఓ గంట అలాగే ఉంచి విప్పండి.

రెండు మూడు ప్యాకెట్ల మధ్య ఖచ్చితంగా తేల్చుకోవాలంటే ఓవెన్ ఉన్నవాళ్లు తూచి చూడవచ్చు. ఒక్కో ప్యాకెట్ నుంచి వంద గ్రాములు తీసి శనగబద్దంత ముక్కలు చేయండి. ఒక్కోదాన్ని వేరే గిన్నెలో పెట్టి, గిన్నె బరువు ముందే రాసుకుని, అన్నిటినీ ఒకేసారి నూరు నుంచి నూట అయిదు డిగ్రీల మధ్య ఆరబెట్టండి. మూడు గంటలయ్యాక తూచి, ఆపైన అరగంటకోసారి తూచుతూ బరువు తగ్గడం ఆగిందాకా ఉంచండి. తగ్గిన గ్రాములే తేమ శాతం. వంద గ్రాములే ఎందుకంటే, యాభై తీసుకుంటే కాటాలో ఒక గ్రాము పొరపాటు రెండు శాతం తేడాగా కనిపిస్తుంది. ఇంటి ఓవెన్ వేడి నమ్మకంగా ఉండదు కాబట్టి వచ్చిన అంకెని ప్రయోగశాల ఫలితంలా ఎవరితోనూ వాదించడానికి వాడకండి. ఒకే ఓవెన్‌లో ఒకేసారి పెట్టిన ప్యాకెట్లలో ఏది ఎక్కువ తడిగా ఉందో మాత్రం అది చక్కగా చెబుతుంది. ఆరిన పప్పు పారేయక్కర్లేదు, పొడి కొట్టి కూరలోకి వాడుకోండి.

తేమ ఎక్కువైతే నీటికి డబ్బిచ్చామన్న బాధ నిజానికి చిన్నది. కిలోలో మూడు శాతం అదనపు నీరంటే ముప్పై గ్రాములు. పెద్ద నష్టం ఆ నీటివల్ల ముందుముందు వచ్చేది. బూజు, పురుగు, ముక్కిన వాసన. తేమెక్కిన పప్పుని సన్నటి సెగమీద ఆరబెడితే కరకరలాడుతుంది, ఇబ్బంది లేదు. ముక్కిన పప్పుని మాత్రం ఎంత వేయించినా బాగుపడదు, ఎందుకంటే అక్కడ చెడింది లోపలి నూనె. దాన్ని పట్టుకోవాలంటే అయిదారు పప్పుల్ని శుభ్రమైన చిన్న సీసాలో వేసి మూతపెట్టి, గోరువెచ్చటి చోట పది నిమిషాలుంచి, మూత తీస్తూనే వాసన చూడండి. పాత నూనె కంపు, ఇంటి రంగు వాసన లాంటిది తగిలితే వదిలేయండి. ప్యాకెట్ లోపలివైపు నూనె మరకలు, పప్పు పసుపెక్కి ఉండటం కూడా అదే కథ చెబుతాయి.

ఇక్కడే ఒక మాట. జీడిపప్పు, ఎండుద్రాక్ష కలిపి ఒకే డబ్బాలో వచ్చే పండగ ప్యాకెట్లు నేను కొనను. ద్రాక్షలోని తేమ మూసిన డబ్బాలో మెల్లగా పప్పులోకి చేరుతుంది. కొన్నాళ్లకి ద్రాక్ష గట్టిపడుతుంది, పప్పు మెత్తబడుతుంది. గదులు విడిగా ఉండి ఒక్కోదానికి వేరే సీలు ఉంటే పరవాలేదు.

మూడో అడుగు: తేదీ ఏం చెబుతుంది, ఏం దాస్తుంది

ప్యాకెట్ మీద తయారీ లేదా ప్యాకింగ్ తేదీ, వాడవలసిన గడువు, నికర బరువు, ఎమ్మార్పీ, ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా ఉండాలన్నది చట్టం. ఇవి లేనిది ఎంత తెల్లగా ఉన్నా పక్కన పెట్టవచ్చు.

ఉన్నవాటిలో మాత్రం తేదీని నెమ్మదిగా చదవాలి. జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి పెద్ద వ్యాపారికి పది కిలోల చొప్పున, గాలి తీసిన సంచిలోనో గ్యాసు నింపిన టిన్నులోనో వెళుతుంది. అలా మూసి ఉన్నంతకాలం అది నెలల తరబడి నిలుస్తుంది. ఆ టిన్ను విప్పి పావుకిలో కవర్లలో నింపినవాడు, తాను నింపిన రోజునే ప్యాకింగ్ తేదీగా వేస్తాడు. తప్పు కాదు, అది నిజంగానే ఆ కవరు ప్యాకింగ్ తేదీ. పప్పు ఒలిచిన తేదీ మాత్రం కాదు. టిన్ను విప్పి నెలరోజులు మూత వదులుగా పెట్టి, ఆఖరి రెండు కిలోలు నిన్న కవర్లో పోసినా తేదీ నిన్నటిదే.

అందుకని కవర్లు కట్టే దుకాణంలో అడగవలసింది "కొత్త సరుకేనా అండీ" అని కాదు. దానికి అవునని తప్ప వేరే జవాబు రాదు. "టిన్ను మీద తేదీ ఎంతుంది, ఒకసారి చూపిస్తారా?" అని అడగండి. గ్రేడు అంకె కూడా టిన్ను మీదో అట్టపెట్టె మీదో ఉంటుంది. రోజూ టిన్ను ఖాళీ అయ్యే దుకాణం వాళ్లు మొహమాటం లేకుండా చూపిస్తారు.

పంట కాలాన్ని బట్టి తేల్చుకోవచ్చు కదా అని కొందరంటారు. మన రాష్ట్రంలో పిక్క మార్చి నుంచి మే దాకా వస్తుంది. కానీ దేశంలో పండే పిక్క ఇక్కడి ఫ్యాక్టరీలకి చాలదు, ఆఫ్రికా దేశాల నుంచి భారీగా దిగుమతి అవుతుంది. పెంకుతో ఉన్న పిక్క నిలవ ఉంటుంది గనుక ఏడాది పొడవునా ఒలుస్తూనే ఉంటారు. మోరిలో ఒలిచిన పప్పు అంటే కోనసీమలో కాసిన పిక్క అనుకోనక్కర్లేదు. ఏ నెలలో కాసిందన్న దానికన్నా ఎప్పుడు ఒలిచారు, ఆ తర్వాత గాలి ఎన్నాళ్లు తగిలింది అన్నదే నాణ్యతని తేలుస్తుంది.

గడువు అంకెని కూడా ప్యాకింగ్ పద్ధతితో కలిపి చూడండి. గాలి తీసిన ప్యాకెట్ పప్పుకి అతుక్కుని ఇటుకలా గట్టిగా ఉండాలి. నొక్కితే లోపల పప్పు జారుతోందంటే ఎక్కడో సన్నటి చిల్లు పడి గాలి చేరినట్టే. ఇక గడువు లెక్క వర్తించదు. మామూలు పల్చటి కవరు మీద ఏడాది గడువు వేసి ఉంటే, మన వాతావరణంలో నేను దాన్ని నమ్మను. రెండు మూడు నెలల్లోపు ప్యాక్ చేసింది దొరికితేనే కొంటాను.

నాలుగో అడుగు: అమ్మేవాళ్లు

ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంటుంది. foscos.fssai.gov.in లో ఆ నంబరు వెతికితే అది ఎవరి పేరు మీద ఉందో, చెల్లుబాటులో ఉందో లేదో తెలుస్తుంది. అక్కడి పేరు, కవరు మీద ప్యాక్ చేసినవారి పేరు ఒకటేనా చూడండి. నంబరు ఉన్నంత మాత్రాన పప్పు మంచిదని కాదు, కానీ వేరే ఎవరిదో నంబరు వేసుకున్నవాణ్ని ఇక పరీక్షించే పనే లేదు. "మార్కెట్ చేసినవారు" అని మాత్రమే ఉండి ప్యాక్ చేసినదెవరో లేకపోతే కూడా నాకు అనుమానమే.

నమ్మకం అసలు తేలేది వేరే చోట. సరుకు తడిగానో ముక్కిపోయో ఉంటే వెనక్కి తీసుకుంటారా అని కొనకముందే అడిగి, బిల్లు తీసుకోండి. బిల్లు మీద గ్రేడు రాయమనండి. "240 గుండు" అని రాసిచ్చిన వ్యాపారి కల్తీ సైజు కట్టడానికి రెండుసార్లు ఆలోచిస్తాడు. పెళ్లికో గృహప్రవేశానికో పది కిలోలు కావాలంటే ముందు పావుకిలో తెచ్చి పరీక్షించి, అదే టిన్ను నుంచి మిగతాది తీసుకోండి. శాంపిల్ ఒకటి, సరుకు ఒకటి కాకుండా టిన్ను మీది బ్యాచ్ నంబరు ఫోనులో ఫొటో తీసుకోవడం మంచిది. ఆన్‌లైన్లో అయితే ప్యాకెట్ వెనకవైపు ఫొటో పెట్టనివాళ్ల దగ్గర కొనవద్దు. వచ్చాక విప్పేటప్పుడు వీడియో తీయండి. చెడ్డ సరుకుని వెనక్కి తీసుకోమంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు.

మూడు ప్యాకెట్లతో ఒక లెక్క

అమలాపురంలో దసరా ముందు ఒక ఇంట్లో మూడు రకాలు తెచ్చారనుకుందాం. ధరలు లెక్క కోసం వేసుకున్నవి. మొదటిది సూపర్‌మార్కెట్ పావుకిలో, "ప్రీమియం" అని ఉంది, 300 రూపాయలు. రెండోది ఫ్యాక్టరీ కౌంటర్లో అరకిలో 240 గుండు, 550. మూడోది బజార్లో కట్టిన అరకిలో కవరు, అదీ 240 అనే చెప్పారు, 475.

కిలోకి మారిస్తే 1200, 1100, 950. పైకి మూడోది లాభసాటిగా కనిపిస్తుంది. ఇప్పుడు లెక్కపెడదాం. మొదటి ప్యాకెట్‌లో 171 పప్పులు వచ్చాయి, రెండున్నరతో భాగిస్తే వంద గ్రాములకి 68. అంటే 320. రెండోదాంట్లో వంద గ్రాములకి 51, మాట ప్రకారం 240. మూడోదాంట్లో 61. పది పెద్దవి 20 గ్రాములు, పది చిన్నవి 12 గ్రాములు. 240లో 400 కలిపారు. విరుగు కూడా వందకి తొమ్మిది గ్రాములు.

ఓవెన్‌లో ఆరబెడితే మొదటిది 96 గ్రాములు, రెండోది 95, మూడోది 92 మిగిలాయి. మూడోది వాసన చూస్తే ముక్కిపోలేదు, విరిస్తే మాత్రం వంగుతోంది. దాని ప్యాకింగ్ తేదీ నాలుగు రోజుల కిందటిది, మొదటిది రెండు నెలల కిందటిది. అంటే తాజా తేదీ ఉన్నదే ఎక్కువ తడిసింది. టిన్ను తెరిచి చాలాకాలమైందని ఊహించవచ్చు.

తీర్పు ఇలా వస్తుంది. అతిథులకి పళ్లెంలో పెట్టడానికి, ఎవరికైనా ఇవ్వడానికి రెండోది కొనాలి. మొదటిది సరుకుగా బాగుంది, ఆరి ఉంది, కానీ 320కి 240 కంటే ఎక్కువ ధర పెట్టారు, కాబట్టి పేరుకే ప్రీమియం. మూడోదాన్ని పారేయక్కర్లేదు. సన్నటి సెగమీద ఆరబెట్టి పండగ పాయసానికీ, చక్కెర పొంగలికీ వాడేయొచ్చు. అయితే దాన్ని 240 ధరకి కాదు, బద్ద ధరకి బేరమాడి తెచ్చుకోవాలి. సంక్రాంతి దాకా దాచుకుందామంటే మాత్రం కుదరదు.

ఇంటికి తెచ్చాక

అరకిలో పప్పుని ఒకే డబ్బాలో పోసి రోజూ మూత తీస్తే పరీక్షలన్నీ వృథా. వారానికి సరిపడా చిన్న డబ్బాలో ఉంచి, మిగతాది గాలి చొరని సీసాల్లో పంచి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లోంచి తీసిన సీసాని మూత విప్పకుండా గది వేడికి వచ్చేదాకా, అరగంటో గంటో, బయట ఉంచాలి. వెంటనే విప్పితే లోపల చెమ్మ పట్టేస్తుంది. సీసా మూల సన్నటి సాలెగూడు లాంటి దారాలు గానీ, అడుగున పిండి గానీ కనిపిస్తే పురుగు చేరినట్టు. ఆ సీసా ఒక్కటే తీసేసి, పక్కన ఉన్న బియ్యం, రవ్వ, ఎండుమిరప డబ్బాలు కూడా ఆ రోజే విప్పి చూసుకోండి.